పబ్లిక్ కీతో డేటా ఎన్‌క్రిప్ట్ అవ్వదు: ఒకే కనెక్షన్‌లో రెండు రకాల క్రిప్టో ఎందుకుంటాయి

హెచ్‌టీటీపీఎస్ ఎలా పనిచేస్తుందని అడిగితే ఎక్కువమంది చెప్పే జవాబు ఒకటుంది. సర్వర్ తన పబ్లిక్ కీ పంపిస్తుంది, బ్రౌజర్ ఆ కీతో డేటా అంతా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, సర్వర్ తన ప్రైవేట్ కీతో విప్పుకుంటుంది, అంతే అంటారు. కాస్త చదువుకున్నవాళ్లయితే, అలా కాదు, బ్రౌజర్ ఆ ఒక్క కనెక్షన్‌కి పనికొచ్చే సెషన్ కీ ఒకటి తయారుచేసి దాన్ని మాత్రమే పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపిస్తుంది అంటారు. మొదటి జవాబు ఎప్పుడూ నిజం కాదు. రెండోది ఒకప్పుడు నిజమే గానీ, హెచ్‌టీటీపీఎస్ వెనక డేటాని మూసే ప్రోటోకాల్ టీఎల్‌ఎస్, దానికి 2018లో వచ్చిన 1.3 వెర్షన్‌లో ఆ పద్ధతిని కావాలనే పీకేశారు. ఎందుకు పీకేశారో అర్థమైతే సిమ్మెట్రిక్, అసిమ్మెట్రిక్ ఎన్‌క్రిప్షన్‌ల మధ్య అసలు తేడా కూడా దానంతటదే తెలిసిపోతుంది, ఎందుకంటే ఈ తేడా "ఒకటి స్పీడు, ఒకటి స్లో" అనే దగ్గర ఆగేది కాదు.

ముందు సిమ్మెట్రిక్ సంగతి. రెండు వైపులా ఒకటే కీ, దానితోనే మూస్తారు, దానితోనే తెరుస్తారు. ఇప్పుడు ఎక్కడ చూసినా వాడేది ఏఈఎస్, 2001లో అమెరికా ప్రభుత్వ స్టాండర్డ్ అయింది, కీ 128 బిట్లో 256 బిట్లో ఉంటుంది. ఈ కీకి లోపల ఏ నిర్మాణమూ ఉండదు, ఊరికే ర్యాండమ్ బిట్లు, అంతే. అందుకే బద్దలు కొట్టాలనుకునేవాడికి ఒక్కో కీ ప్రయత్నించడం తప్ప పనికొచ్చే దగ్గరి దారి ఇంతవరకు దొరకలేదు, 2 పవర్ 128 అంటే అది అయ్యే పని కాదు. పైగా ప్రాసెసర్లలోనే ఏఈఎస్ కోసం వేరేగా ఇన్‌స్ట్రక్షన్లు పెట్టేశారు కాబట్టి మామూలు కంప్యూటర్‌లో ఒక్క కోర్ కూడా సెకనుకు గిగాబైట్లలో లాగించేస్తుంది. చిక్కల్లా ఒక్కటే, ఆ కీ అవతలి వాడికి చేరేదెలా? కీని అదే నెట్‌వర్క్ మీద పంపిస్తే వినేవాడు దాన్ని కూడా వింటాడు. ముందే కలుసుకుని ఇచ్చిపుచ్చుకుందామంటే, వెయ్యి మందిలో ప్రతి ఇద్దరికీ ఒక కీ చొప్పున 4,99,500 కీలు కావాలి, అదీ అందరూ ముందే ఒకరికొకరు తెలిసినవాళ్లయితే. వెబ్‌లో బ్రౌజర్‌కి, సర్వర్‌కి అంతకుముందు ముఖపరిచయమే ఉండదు.

అసిమ్మెట్రిక్ పుట్టిందే ఈ చిక్కు కోసం. 1976లో డిఫీ, హెల్‌మన్ ఒక పేపర్‌లో ఆలోచన బయటపెట్టారు, 1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ కలిసి ఆర్‌ఎస్‌ఏ కనిపెట్టారు. (బ్రిటన్ గూఢచార సంస్థ జీసీహెచ్‌క్యూలో క్లిఫర్డ్ కాక్స్ 1973లోనే దాదాపు ఇదే కనిపెట్టాడు, కానీ 1997 దాకా బయటికి చెప్పనివ్వలేదు.) ఇందులో కీలు జంటగా ఉంటాయి, ఒకటి అందరికీ ఇచ్చేయొచ్చు, రెండోది దాచుకోవాలి. ఆ రెండింటినీ కలిపేది ఒక లెక్క, అంటే సిమ్మెట్రిక్ కీలో లేని నిర్మాణం ఇక్కడ ఉంది, ఆ నిర్మాణమే దీని బలమూ, బలహీనత కూడా. ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీలో రెండు పెద్ద ప్రధాన సంఖ్యల గుణకారం బహిరంగంగానే ఉంటుంది, దాన్ని విడగొట్టగలిగితే ప్రైవేట్ కీ వచ్చేసినట్టే. అన్ని కీలూ ప్రయత్నించక్కర్లేదు, కారణాంకాలు కనుక్కుంటే చాలు, అది దానికన్నా చాలా తక్కువ పని. 2020లో 829 బిట్ల సంఖ్యని విడగొట్టి చూపించారు కూడా. అందుకే 128 బిట్ల ఏఈఎస్‌కి సరితూగాలంటే ఆర్‌ఎస్‌ఏ కీ 3072 బిట్లు ఉండాలని లెక్కకడతారు, ఎలిప్టిక్ కర్వ్ అనే ఇంకో రకం లెక్క అయితే 256 బిట్లు సరిపోతాయి. "మాది 2048 బిట్ ఎన్‌క్రిప్షన్, ఏఈఎస్ కంటే పదహారు రెట్లు గట్టిది" లాంటి మాటలు ఎక్కడైనా కనిపిస్తే నవ్వుకుని వదిలేయొచ్చు.

సరే, మరి పబ్లిక్ కీ ఉంది కదా, నేరుగా డేటానే దానితో ఎన్‌క్రిప్ట్ చేసేస్తే పోలేదా? ఇది చేసి చూడొచ్చు. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ కీ ఒకటి చేసి, 300 బైట్ల ఫైల్ ఒకటి ఇచ్చి చూడండి:

```
openssl genpkey -algorithm RSA -pkeyopt rsa_keygen_bits:2048 -out priv.pem
openssl pkey -in priv.pem -pubout -out pub.pem
openssl rand -out a.bin 300
openssl pkeyutl -encrypt -pubin -inkey pub.pem -in a.bin -out a.enc
```

చివరి కమాండ్ `data too large for key size` అని ఎర్రర్ ఇస్తుంది. ఆర్‌ఎస్‌ఏకి ఇన్‌పుట్ అంటే ఫైల్ కాదు, ఒక సంఖ్య, అది కీలో ఉన్న సంఖ్య కన్నా చిన్నది అయ్యుండాలి. 2048 బిట్లంటే 256 బైట్లు, అందులో భద్రత కోసం జోడించే ప్యాడింగ్ కొంత తినేస్తుంది, పాత రకం ప్యాడింగ్‌తో 245 బైట్లు మిగులుతాయి, ఇప్పుడు వాడమని చెప్పే ఓఏఈపీ ప్యాడింగ్ ఎస్‌హెచ్‌ఏ-256తో అయితే 190 మాత్రమే.

పోనీ ముక్కలు చేద్దామా అంటే, 10 ఎంబీ ఫైల్ అనుకుందాం, కోటి బైట్లు. 190 చొప్పున 52,632 ముక్కలు, ఒక్కో ముక్కా 256 బైట్లయి బయటికొస్తుంది కాబట్టి మొత్తం దాదాపు పదమూడున్నర ఎంబీ. విప్పేటప్పుడు ప్రతి ముక్కకీ ప్రైవేట్ కీ ఆపరేషన్ ఒకటి, మామూలు కోర్ సెకనుకు రెండు వేలు చేస్తుందనుకున్నా అరనిమిషం దగ్గరికి వస్తుంది, అదే పని ఏఈఎస్ కొన్ని మిల్లీసెకన్లలో ముగిస్తుంది. కానీ స్లో అవ్వడం ఒక్కటే అయితే ఏదోలా సర్దుకుపోవచ్చు, అసలు ప్రమాదం వేరే ఉంది. పబ్లిక్ కీ అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి దారిలో ఉన్నవాడు ఏ ముక్కనైనా తీసేసి తన సొంత ముక్క ఎన్‌క్రిప్ట్ చేసి అక్కడ పెట్టేయొచ్చు, ముక్కల వరస మార్చేయొచ్చు, సర్వర్‌కి తేడా తెలియదు. అంటే చదవకుండా ఆపగలదు గానీ మార్చకుండా ఆపలేదు. ఇద్దరికే తెలిసిన రహస్యం ఒకటి ఉంటే తప్ప "ఇది నువ్వు పంపిందే, దారిలో ఎవడూ ముట్టుకోలేదు" అని ప్రతి ప్యాకెట్‌కీ చవగ్గా తేల్చుకోవడం కుదరదు, ఆ రహస్యమే సిమ్మెట్రిక్ కీ.

అందుకని పాత టీఎల్‌ఎస్‌లో ఒక రాజీ మార్గం ఉండేది. బ్రౌజర్ 48 బైట్ల రహస్యం ఒకటి తయారుచేసి, దాన్ని సర్వర్ పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపేది, ఇద్దరూ ఆ 48 బైట్ల నుంచే ఏఈఎస్ కీలు తయారుచేసుకునేవాళ్లు. తెరిచి ఉన్న తాళంకప్పని అందరికీ పంచిపెట్టి తాళంచెవి మాత్రం దగ్గర పెట్టుకోవడం అనే పోలిక చాలాచోట్ల కనిపిస్తుంది కదా, అది సరిగ్గా ఈ పద్ధతికే సరిపోతుంది. చూడ్డానికి బానే ఉంది, స్పీడు సమస్య తీరింది, సైజు సమస్య తీరింది, 48 బైట్లు 245లో హాయిగా పడతాయి.

దీని లోపం బయటపడే చోటు ఇంకొకటి. ఎవరో ఒకరు నెట్‌వర్క్ మీద వెళ్లే ట్రాఫిక్ అంతా, ఏమీ అర్థం కాకపోయినా సరే, ఊరికే రికార్డ్ చేసి పెట్టుకుంటున్నారు అనుకోండి. ఆ రికార్డింగ్‌లో ప్రతి కనెక్షన్ మొదట్లోనూ ఆ 48 బైట్లు ఎన్‌క్రిప్ట్ అయి ఉన్నాయి, అన్నీ ఒకే పబ్లిక్ కీతో. మూడేళ్ల తర్వాత ఆ సర్వర్ ప్రైవేట్ కీ ఎలాగోలా దొరికిందంటే, ఆ మూడేళ్ల ట్రాఫిక్ అంతా ఒక్కసారిగా తెరుచుకుంటుంది. ఇదేదో ఊహాగానం అనుకునే రోజులు 2014 ఏప్రిల్‌తో పోయాయి, హార్ట్‌బ్లీడ్ బగ్ బయటపడినప్పుడు ఆ బగ్ ఉన్న ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీ వాడే సర్వర్ మెమరీని రిక్వెస్ట్‌కి 64 కేబీ దాకా ఎవడైనా బయటినుంచి లాగొచ్చని, అందులో ప్రైవేట్ కీలు కూడా వచ్చేస్తాయని రుజువైంది. దీనికి తోడు ఆ పాత ప్యాడింగ్ మీద 1998లోనే బ్లైకెన్‌బాకర్ ఒక దాడి చూపించాడు, సర్వర్ ఇచ్చే ఎర్రర్‌లో తేడాని బట్టి రహస్యాన్ని కొంచెం కొంచెంగా రాబట్టొచ్చు అని. దాన్ని సరిచేశామనుకున్నా మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది, 2017లో రోబోట్ అనే పేరుతో అదే దాడి పెద్ద పెద్ద సైట్ల మీద కూడా పనిచేసింది. ఇక లాభం లేదని 2018 ఆగస్టులో వచ్చిన టీఎల్‌ఎస్ 1.3లో ఈ పద్ధతి మొత్తం తీసేశారు.

దాని బదులు ఉన్నది డిఫీ-హెల్‌మన్, తమాషాగా ఆర్‌ఎస్‌ఏ కన్నా పాతది. ఇందులో రహస్యాన్ని ఎవరూ ఎవరికీ పంపరు, ఇద్దరూ విడివిడిగా లెక్కకట్టి ఒకే చోటికి చేరతారు. చిన్న అంకెలతో చేసి చూద్దాం. అందరికీ తెలిసిన అంకెలు రెండు: 29, 2. బ్రౌజర్ మనసులో 5 అనుకుంది, 2 పవర్ 5 అంటే 32, 29తో భాగిస్తే శేషం 3, ఆ 3ని పంపింది. సర్వర్ మనసులో 12 అనుకుంది, 2 పవర్ 12 అంటే 4096, 29తో భాగిస్తే శేషం 7, అది పంపింది. ఇప్పుడు బ్రౌజర్ తనకొచ్చిన 7ని తన 5తో కలుపుతుంది, 7 పవర్ 5 అంటే 16807, శేషం 16. సర్వర్ తనకొచ్చిన 3ని తన 12తో కలుపుతుంది, 3 పవర్ 12 అంటే 5,31,441, శేషం మళ్లీ 16. ఇద్దరి దగ్గరా 16 ఉంది, వైర్ మీద మాత్రం 16 ఎక్కడా వెళ్లలేదు. వినేవాడికి 29, 2, 3, 7 తెలుసు, 16 కావాలంటే 2ని ఎంత పవర్‌కి తీసుకెళ్తే శేషం 3 వస్తుందో కనుక్కోవాలి, ఇంత చిన్న అంకెలతో చేత్తోనే తేలిపోతుంది గానీ అంకెలు పెద్దవైతే తేలదు. నిజం కనెక్షన్లలో ఎక్కువగా కనిపించే X25519 ఇదే ఆటని ఎలిప్టిక్ కర్వ్ మీద ఆడుతుంది, ఒక్కొక్కరు పంపేది 32 బైట్లే.

కీలకం ఏంటంటే ఆ 5, 12 ఈ ఒక్క కనెక్షన్ కోసమే పుడతాయి, పని అవ్వగానే చెరిపేస్తారు. మూడేళ్ల తర్వాత సర్వర్‌ని మొత్తం ఎత్తుకుపోయినా అవి దొరకవు, ఎందుకంటే అవి ఎక్కడా లేవు. దీన్నే ఫార్వర్డ్ సీక్రసీ అంటారు.

అయితే ఇందులో పెద్ద చిల్లు ఒకటుంది. లెక్క బ్రహ్మాండంగా కుదిరింది సరే, కానీ ఎవరితో కుదిరింది? మధ్యలో ఒకడు కూర్చుని బ్రౌజర్‌తో ఒక లెక్క, సర్వర్‌తో ఇంకో లెక్క చేసుకుంటే ఇద్దరికీ సురక్షితంగా ఉన్నట్టే కనిపిస్తుంది, వాడు మాత్రం మధ్యలో అన్నీ విప్పి చదివి మళ్లీ మూసి పంపిస్తుంటాడు. డిఫీ-హెల్‌మన్ రహస్యాన్ని ఇస్తుంది, గుర్తింపు ఇవ్వదు. ఈ పబ్లిక్ కీ ఈ సైట్‌దే అని చెప్పే సర్టిఫికెట్ ఉంది కదా అంటారు, కానీ సర్టిఫికెట్ బహిరంగ పత్రం, ఏ సైట్‌కైనా కనెక్ట్ అయితే ఊరికే ఇచ్చేస్తుంది, దాన్ని కాపీ చేసుకుని నాదే అని ఎవడైనా చూపించొచ్చు. చాలా వివరణలు సర్టిఫికెట్ దగ్గర ఆగిపోతాయి గానీ అసలు పని చేసేది దాని తర్వాత వచ్చే మెసేజ్, సర్టిఫికెట్ వెరిఫై. అప్పటిదాకా ఇద్దరి మధ్యా నడిచిన మెసేజ్‌లన్నిటికీ, ఆ రెండు 32 బైట్ల ముక్కలతో సహా, సర్వర్ ఒక హ్యాష్, అంటే వాటన్నిటికీ వేలిముద్ర లాంటి చిన్న సంఖ్య, కట్టి దాని మీద తన ప్రైవేట్ కీతో సంతకం పెడుతుంది. మధ్యలోవాడు తన ముక్కని చొప్పించి ఉంటే బ్రౌజర్ చూసిన సంభాషణ, సర్వర్ చూసిన సంభాషణ ఒకటి కావు, హ్యాష్ వేరవుతుంది, సంతకం చెల్లదు. వాడే కొత్తగా సంతకం పెడదామంటే ప్రైవేట్ కీ వాడి దగ్గర లేదు.

కాబట్టి టీఎల్‌ఎస్ 1.3లో సర్టిఫికెట్ తాలూకు ప్రైవేట్ కీ దేన్నీ విప్పదు, సంతకం పెట్టడమే దాని పని. అది దొంగిలిస్తే ఇకనుంచి ఆ సైట్‌లా నటించొచ్చు, అది చిన్న నష్టమేం కాదు, కానీ నిన్నటి రికార్డింగులు మాత్రం తెరుచుకోవు.

ఇప్పుడు మొత్తం వరస చూస్తే సులువుగానే ఉంటుంది. బ్రౌజర్ క్లయింట్ హలో అనే మొదటి మెసేజ్‌లోనే తన 32 బైట్ల ముక్క పెట్టేస్తుంది, దానికి జవాబుగా వచ్చే సర్వర్ హలోలో సర్వర్ ముక్క వస్తుంది. ఆ క్షణానికే ఇద్దరి దగ్గరా ఉమ్మడి రహస్యం ఉంది, దాన్ని నేరుగా కీగా వాడరు, హెచ్‌కేడీఎఫ్ అనే ఫంక్షన్‌లో వేసి హ్యాండ్‌షేక్ అనే ఈ మొదటి మాటామంతీకి వేరే కీలు, డేటాకి వేరే కీలు, మళ్లీ అందులో వెళ్లేదానికి ఒకటి, వచ్చేదానికి ఒకటి పిండుకుంటారు. అక్కడినుంచే సిమ్మెట్రిక్ మొదలు, చాలామంది అనుకునేదానికన్నా ముందే, ఎంత ముందంటే సర్టిఫికెట్, దాని సంతకం కూడా ఏఈఎస్‌తో ఎన్‌క్రిప్ట్ అయ్యే వస్తాయి. తర్వాత రెండు వైపులా ఫినిష్డ్ మెసేజ్, అది మొత్తం సంభాషణ మీద హెచ్‌మ్యాక్, అంటే రహస్య కీ కలిపి కట్టే హ్యాష్, అదీ సిమ్మెట్రిక్ పనే. ఒక్క రౌండ్ ట్రిప్‌లో అయిపోయింది, ఇక బ్రౌజర్ రిక్వెస్ట్ పంపేయొచ్చు. అసిమ్మెట్రిక్ లెక్కలు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే, ఆ తర్వాత కనెక్షన్ గంటలు నడిచినా మళ్లీ దాని జోలికి పోదు.

ఇందాకటి 10 ఎంబీ ఫైల్‌ని ఇందులో పంపిస్తే గరిష్ఠంగా 16,384 బైట్ల రికార్డులుగా విరుగుతుంది, అంటే 611 రికార్డులు. ఒక్కోదానికి 16 బైట్ల ట్యాగ్, ఇంకో 6 బైట్ల చిల్లర, మొత్తం అదనపు బరువు 13 కేబీ పైచిలుకు, ఆర్‌ఎస్‌ఏ ముక్కలతో అయితే మూడున్నర ఎంబీ. ఆ ట్యాగే మార్పులు పట్టేది, ఒక్క బిట్ మారినా సరిపోలదు, కనెక్షన్ తెగిపోతుంది. ప్రతి రికార్డుకీ ఒక వరస నంబర్ లోపల కలుస్తుంది కాబట్టి వరస మార్చినా పట్టుబడుతుంది. ఇక్కడ సిమ్మెట్రిక్‌కి ఉన్న జబ్బు కూడా చెప్పుకోవాలి, ఏఈఎస్‌తో మూస్తూ ఆ ట్యాగ్ కూడా కట్టే ఏఈఎస్-జీసీఎం పద్ధతిలో ఒకే కీతో ఒకే నాన్స్, అంటే ప్రతి మెసేజ్‌కీ మారాల్సిన సంఖ్య, రెండుసార్లు వాడితే ఆ రెండు మెసేజ్‌ల సంగతి బయటపడటమే కాదు, దొంగ ట్యాగులు తయారుచేయడానికి కూడా దారి దొరుకుతుంది. అందుకే టీఎల్‌ఎస్ 1.3 నాన్స్‌ని ర్యాండమ్‌కి వదలకుండా వరస నంబర్ నుంచే కడుతుంది. ఒకే కీ మీద సుమారు 2.4 కోట్ల పూర్తి సైజు రికార్డులు, అంటే దాదాపు 390 జీబీ దాటే లోపు కీ మార్చమని కూడా స్పెసిఫికేషన్ చెప్తుంది. ఆ కీ మార్పు కూడా పాత కీ నుంచి కొత్తది పిండుకోవడమే, మళ్లీ డిఫీ-హెల్‌మన్ చేయరు.

ఒక సర్వర్ ఏది వాడుతుందో బయటినుంచే తెలుసుకోవచ్చు:

```
openssl s_client -connect example.com:443 -brief
```

`Ciphersuite` లైన్‌లో `TLS_AES_256_GCM_SHA384` లాంటిది వస్తే అది 1.3, అందులో సిమ్మెట్రిక్ పేరు, హ్యాష్ పేరు తప్ప ఇంకేం లేవని గమనించండి, అసిమ్మెట్రిక్ సంగతి విడిగా మాట్లాడుకుంటారు. 1.2లో అయితే `ECDHE-RSA-AES128-GCM-SHA256` అని కనిపించాలి, కీ కుదుర్చుకునేది ఈసీడీహెచ్‌ఈ, అంటే ప్రతి కనెక్షన్‌కీ కొత్తగా ఎలిప్టిక్ కర్వ్ మీద చేసే డిఫీ-హెల్‌మన్, సంతకం పెట్టేది ఆర్‌ఎస్‌ఏ, డేటా మూసేది ఏఈఎస్, అన్నీ ఒకే పేరులో. ముందు ఏమీ లేకుండా `AES128-GCM-SHA256` అని ఉంటే మాత్రం అది పాత ఆర్‌ఎస్‌ఏ పద్ధతి, ఫార్వర్డ్ సీక్రసీ లేదు. ఇంకో గుర్తు కూడా ఉంది, నెట్‌వర్క్ ట్రాఫిక్ పట్టి చూపించే వైర్‌షార్క్‌కి సర్వర్ ప్రైవేట్ కీ ఇచ్చి పట్టుకున్న ట్రాఫిక్ విప్పగలిగితే అది పాత పద్ధతే. 1.3లో ఆ కీ ఇచ్చినా ఏమీ విప్పదు, `SSLKEYLOGFILE` పెట్టి బ్రౌజర్ నుంచే ఆ సెషన్ రహస్యాలు రాయించుకోవాలి. డీబగ్గింగ్ చేసేవాళ్లు "ప్రైవేట్ కీ ఇచ్చాం కదా, ఎందుకు కనపడట్లేదు" అని జుట్టు పీక్కునేది ఇక్కడే.

ఫార్వర్డ్ సీక్రసీ కూడా రహస్యాలు చెరిపేస్తేనే ఉంటుంది. 1.2లో సెషన్ టికెట్ అని ఒకటుంది, మళ్లీ కనెక్ట్ అయినప్పుడు త్వరగా అవ్వడానికి సర్వర్ ఆ సెషన్ రహస్యాన్ని తన టికెట్ కీతో, అదీ సిమ్మెట్రిక్ కీయే, మూసి బ్రౌజర్‌కి ఇస్తుంది. ఆ టికెట్ వైర్ మీదే వెళ్తుంది. టికెట్ కీని నెలల తరబడి మార్చకుండా ఉంచితే ఈసీడీహెచ్‌ఈ వాడి లాభమేంటి, ఆ ఒక్క కీ దొరికితే చాలు, పాత కథ మళ్లీ మొదలు.

ఈ రెండు రకాల మధ్య తేడా ఇప్పుడు ఇంకో చోట బయటపడుతోంది. పెద్ద క్వాంటమ్ కంప్యూటర్ వస్తే షోర్ అల్గారిథమ్ ఆర్‌ఎస్‌ఏని, X25519ని రెంటినీ పడగొడుతుంది, ఎందుకంటే ఆ రెండిట్లోనూ పట్టుకోవడానికి నిర్మాణం ఉంది. ఏఈఎస్‌లో అలాంటిది లేదు, 256 బిట్ల కీ వాడితే భయం లేదన్నదే సాధారణ అభిప్రాయం. కానీ ఇవాళ రికార్డ్ చేసి అప్పుడు విప్పుకోవచ్చు కదా, 5, 12 చెరిపేసినా 3, 7 రికార్డింగ్‌లో ఉన్నాయి మరి. అందుకే బ్రౌజర్లు కీ కుదుర్చుకునే భాగాన్ని ముందే మార్చడం మొదలుపెట్టాయి, `X25519MLKEM768` అనే పేరుతో పాతది, క్వాంటమ్ కంప్యూటర్‌ని తట్టుకోవడానికి 2024లో స్టాండర్డ్ అయిన ఎంఎల్-కెమ్ రెండూ కలిపి వాడుతున్నాయి, ఒకటి విరిగినా ఇంకోటి నిలబడేలా. ఇందులో సర్వర్ ఒక రహస్యాన్ని బ్రౌజర్ పబ్లిక్ కీతో మూసి పంపుతుంది, అంటే తీసేసిన ఆలోచనే తిరిగొచ్చింది, కాకపోతే దిక్కు మారింది, ఆ పబ్లిక్ కీ కూడా ఒక్క కనెక్షన్‌కే పుట్టి పోయేది. బ్రౌజర్ పంపే ముక్క 32 బైట్ల నుంచి 1216కి పెరిగింది, దాంతో క్లయింట్ హలో ఒక్క ప్యాకెట్‌లో పట్టక, మొదటి ప్యాకెట్‌లోనే అంతా ఉంటుందని నమ్ముకున్న కొన్ని పాత నెట్‌వర్క్ డబ్బాలు కనెక్షన్‌ని తెంపేశాయి. సర్టిఫికెట్ల సంతకాలకి మాత్రం అంత తొందర లేదు, ఎందుకంటే సంతకం హ్యాండ్‌షేక్ జరిగే ఆ క్షణానికి నిలబడితే చాలు, పదేళ్ల తర్వాత దాన్ని ఫోర్జరీ చేయగలిగినా ఎప్పుడో అయిపోయిన కనెక్షన్‌లోకి ఎవడూ దూరలేడు.